ఏడాది నిండేదాకా పక్కలో ఏమీ వద్దు: క్రెష్‌తో నా అనుభవం

మా పాపకి ఏడాది నిండి కొద్ది రోజులే అయింది. ఇప్పుడు వాళ్ల నాయనమ్మ పాత నూలు చీర ముక్క గుప్పిట్లో పట్టుకుని, బుగ్గకి రాసుకుంటూ తనంతట తనే నిద్రపోతోంది. ఇక్కడిదాకా రావడానికి ఇంట్లో పెద్దగా కష్టపడలేదు. కష్టమంతా క్రెష్‌లోనే పడ్డాను. ఆ మంట ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

ఇంటి సంగతి తొందరగా చెప్పేస్తాను. మాది విశాఖలో మధురవాడ. బారసాలకి ఆవాల దిండు, పక్క దిళ్లు, బొచ్చు టెడ్డీలు బోలెడు వచ్చాయి. అన్నీ అటక ఎక్కాయి. పడుకునే చోట గట్టి పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన దుప్పటి, వెల్లకిలా పడుకున్న బిడ్డ, అంతకుమించి ఏమీ ఉండకూడదని పిల్లల డాక్టరు గారు మొదటి టీకాలప్పుడే చెప్పారు. తల గుండ్రంగా రాదేమోనని అత్తయ్య దిగులు పడ్డారు. మెలకువగా ఉన్నప్పుడు మనం దగ్గర కూర్చుని బోర్లా పడుకోబెట్టి ఆడిస్తే తల వెనక చదునుగా అవ్వడం తగ్గుతుందని డాక్టరు గారు చెప్పాక సరేనన్నారు.

నా ప్రసూతి సెలవు 26 వారాలు. అది అయిపోయి ఆఫీసుకి వెళ్లడం మొదలుపెట్టిన కొన్నాళ్లకే పాప మారిపోయింది. నేను వంటింట్లోకి వెళ్లినా ఏడుపే. కనపడని మనిషి కూడా ఎక్కడో ఉంటుందని బిడ్డకి తెలియడం మొదలయ్యే వయసు ఇదేనట. తెలుసు కాబట్టే వెతుక్కుంటుంది, దొరక్కపోతే ఏడుస్తుంది. ఈ వయసులోనే కొందరు పిల్లలు ఒక గుడ్డనో బొమ్మనో తోడు చేసుకుంటారు. అమ్మ దగ్గర లేని కాసేపూ అమ్మ వాసన ఉన్న వస్తువు ధైర్యం ఇస్తుంది. ఇంగ్లండుకి చెందిన పిల్లల వైద్యుడు, మానసిక విశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ దీని గురించి 1951లోనే వివరంగా చెప్పాడు. ఇది చెడ్డ అలవాటు కాదు. అలాగని ప్రతి బిడ్డకీ కావాలనీ లేదు. మా ఆడపడుచు కొడుకు ఏ బొమ్మనీ దగ్గరికి రానివ్వలేదు, వాడూ చక్కగానే పెరిగాడు.

మేం ఎంచుకున్నది అత్తయ్య పాత చీర. ఎన్నో ఏళ్లు ఉతికి ఉతికి మెత్తబడిన నూలు. అందులోంచి చేతి రుమాలు అంత ముక్కలు రెండు కత్తిరించి, అంచులు మడిచి కుట్టించాను. అంచు జరీ, కుచ్చులు తీసేశాం, ఎందుకంటే పోగు ఊడితే పిల్లల వేళ్లకి చుట్టుకుంటుంది. పెద్ద ముక్క అయితే మెడకి చుట్టుకునే భయం ఉంటుంది, అందుకే చిన్నది. పాలిచ్చేటప్పుడు ఆ ముక్కని నాకూ పాపకీ మధ్య పెట్టేదాన్ని. పగలు నేలమీద ఆడుకునేటప్పుడు చేతికిచ్చేదాన్ని. కళ్లు మూతలు పడగానే మెల్లగా వేళ్లు విడదీసి తీసేసేదాన్ని. మెలకువలో, మన కళ్ల ముందు ఉంటే ఇవ్వచ్చు. నిద్రలో ఇవ్వకూడదు. పన్నెండు నెలలు నిండేదాకా పాటించాల్సింది ఇంతే.

ఇంత చిన్న విషయం క్రెష్ మేడమ్‌కి ఎందుకు ఎక్కలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చేర్పించేటప్పుడు వాళ్లు ఇచ్చిన సామాన్ల చీటీలో డైపర్లు, పాల సీసాలతో పాటు “ఒక సాఫ్ట్ టాయ్, ఒక చిన్న దిండు” అని ఉంది. ఆ రెండూ తేవడం లేదని చెప్పాను. సరేనన్నారు. ఒకరోజు మధ్యాహ్నం మీటింగ్ రద్దయి తొందరగా వెళ్తే, నిద్రగదిలో పాప క్రిబ్‌లో బుగ్గకి ఆనించి ఎవరిదో బొచ్చు కుక్కపిల్ల బొమ్మ ఉంది. పాప తల కంటే పెద్దది. నేను చప్పుడు చేయకుండా బొమ్మ తీసి పక్కన పెట్టాను. అంతే, ఆయా వెళ్లి మేడమ్‌ని పిలుచుకొచ్చింది.

“ఏమ్మా, లోకంలో మీకొక్కరికే ఉందా బిడ్డ? బొమ్మ తీస్తే లేస్తుంది, మిగతా పిల్లల్నీ లేపుతుంది. అప్పుడు మీరొచ్చి జోకొడతారా?” అని గట్టిగానే అడిగింది. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన మరో ఇద్దరు తల్లులు అక్కడే ఉన్నారు. డాక్టరు గారు వద్దన్నారని చెప్పాను. ఆవిడ అక్కడున్న పల్చటి గుడ్డ ఒకటి తీసి తన ముక్కు మీద వేసుకుని, “చూడండి, నాకు ఊపిరి ఆడుతోందా లేదా? ఫోనులో చదివి భయపడిపోతున్నారు” అంది. ఆయాలు నవ్వారు. ఆ తల్లుల్లో ఒకావిడ కూడా నవ్వింది. నాకు గొంతు పూడుకుపోయింది. పాపని ఎత్తుకుని వచ్చేశాను.

ఆ పరీక్ష చాలామంది చేస్తారు, అందుకే దాని సంగతి వివరంగా చెప్తున్నాను. పెద్దవాళ్లం మనం ముక్కుకి ఏదైనా అడ్డొస్తే నిద్రలో కూడా తల తిప్పేస్తాం, చేత్తో తోసేస్తాం. చిన్న బిడ్డకి ఆ బలం గానీ, ఊపిరి అందడం లేదని లేచే చురుకు గానీ నమ్మేంతగా ఉండదు. మెత్తటి వస్తువులో ముఖం ఆనుకుంటే ముక్కు ముందు చిన్న గుంటలా ఏర్పడి, వదిలిన గాలే అక్కడ నిలిచిపోతుంది. బిడ్డ ఆ గాలినే మళ్లీ పీలుస్తుంది. ఆక్సిజన్ తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. ఏడుపు ఉండదు, పెనుగులాట ఉండకపోవచ్చు, పక్కగదిలో ఉన్నవాళ్లకి చప్పుడు కూడా వినపడదు. ఇక పల్చటి గుడ్డ అంటారా, అది ఒక్క పొరగా ఉన్నంతసేపే పల్చన. పాప దాన్ని ఉండచుట్టి నోట్లో పెట్టుకుని చొంగతో తడిపేశాక గాలి ఎంత ఆడుతుంది? ఆవిడ తన ముక్కు మీద వేసుకున్నది పొడి గుడ్డ, అదీ మెలకువగా ఉండి.

నిద్రలో ఉన్నట్టుండి పసిపిల్లలు చనిపోవడమనే ప్రమాదం మొదటి ఆరు నెలల్లో ఎక్కువ. ఆ తర్వాత తగ్గుతుంది గానీ ఏడాది లోపు పూర్తిగా పోదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో ఇచ్చిన సూచనల్లో కూడా బొమ్మలు, దిళ్లు, వదులు దుప్పట్లు పడుకునే చోట ఉండకూడదనే చెప్పారు. పాపకి అప్పుడు తొమ్మిదో నెల, బోర్లా పడుతోంది, పాకుతోంది. “ఇంత చురుకైన పిల్లకి భయమేంటి?” అన్నది మేడమ్ రెండో వాదన. చురుకంతా మెలకువలో కదా.

మర్నాడు వెళ్తే ఒక కాగితం ముందు పెట్టింది. నేను కోరినట్టు బొమ్మ లేకుండా పడుకోబెడితే పాప ఏడ్చి ఆరోగ్యం పాడైనా క్రెష్‌కి బాధ్యత లేదట, సంతకం పెట్టాలట. పైగా, “పగలు మీరే గుడ్డ ఇమ్మంటారు, నిద్రలో మీరే వద్దంటారు. మీకే స్పష్టత లేదు” అని అంది. ఆ మాటకి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. స్నానాల తొట్టిలో బిడ్డని మనం పట్టుకుని కూర్చోబెడతాం, ఒంటరిగా వదిలి వెళ్లం. ఇందులో స్పష్టత లేనిదేముంది?

సంతకం పెట్టలేదు. సాయంత్రం డాక్టరు గారి దగ్గరికి వెళ్లి, మందుల చీటీ మీదే రాయించుకున్నాను: “పన్నెండు నెలలు నిండేవరకు నిద్ర సమయంలో క్రిబ్‌లో బొమ్మ, దిండు, కప్పే దుప్పటి, గుడ్డ ఏదీ ఉంచరాదు. వెల్లకిలా పడుకోబెట్టాలి.” కింద సంతకం, ముద్ర. ఒక జిరాక్స్ మేడమ్‌కి ఇచ్చి, ఇంకొకదాని మీద అందిందని ఆవిడ చేత సంతకం పెట్టించుకుని నా దగ్గర పెట్టుకున్నాను. నేను నోటితో చెప్పినన్నాళ్లూ నాది చాదస్తం, ముద్ర పడేసరికి నియమం అయిపోయింది. ఉద్యోగం చేసే తల్లి మాటంటే ఇంత చులకనా? ఆ రోజు నవ్విన తల్లే తర్వాత నా దగ్గర ఆ చీటీ ఫోటో తీసుకుని తన బాబు కోసం కూడా రాయించుకుంది. నాకు గర్వంగానే ఉంది.

బొమ్మ తీసేసిన మొదట్లో పాప క్రెష్‌లో ఏడ్చిన మాట నిజం. పడుకోబెట్టే ముందు గుడ్డ చేతికిచ్చి ఒళ్లో జోకొట్టి, మత్తు రాగానే తీసేసి క్రిబ్‌లో వేయమని ఆయాకి విడిగా నేర్పించాను. మేడమ్ కంటే ఆవిడే త్వరగా పట్టుకుంది. కొద్ది రోజుల్లో పాప సర్దుకుంది.

పుట్టినరోజు దాటాక పాప నెలలు తక్కువ బిడ్డ కాదు, కండబలం బాగుంది అని చూసి డాక్టరు గారు సరేనన్నాక, గుడ్డ నిద్రలోకి కూడా వచ్చింది. అదీ ఆ చిన్న ముక్క ఒక్కటే. ఈ వయసులో కొత్త జాగ్రత్త ఏంటంటే, పెద్ద బొమ్మలు క్రిబ్‌లో ఉంటే వాటి మీద కాలు పెట్టి కటకటాలు దాటేస్తారు.

ఇప్పుడు మేడమ్ కొత్త అభ్యంతరం: “ఆ పాత చీర ముక్క చూడ్డానికి బాగోలేదు, మంచి టెడ్డీ తెండి.” చూడ్డానికి ఎవరికి బాగుండాలి? తెచ్చే బొమ్మ అయినా ఇలా చూసుకోవాలి: మన ప్రభుత్వం 2021 జనవరి నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేసింది, ఆ గుర్తు ఉందా? కళ్లు, ముక్కు దారంతో కుట్టినవా, అతికించిన గుండీలా? పది రూపాయల నాణెం కంటే కాస్త పెద్ద వస్తువు కూడా ఈ వయసు పిల్లల గొంతుకి అడ్డం పడగలదు. పాటలు పాడే బొమ్మ అసలే వద్దు. లోపల బిళ్ల బ్యాటరీ ఉంటే, బిడ్డ దాన్ని మింగితే ఆహారం దిగే గొట్టం కాలిపోతుంది. ఇవన్నీ చూసి కొన్న టెడ్డీ కంటే నా చీర ముక్క శుభ్రంగా ఉంది. రెండు ముక్కలూ మొదటి నుంచీ మార్చి మార్చి ఇస్తున్నాను కాబట్టి రెండిటికీ ఒకే వాసన, ఒకే మెత్తదనం. ఒకటి ఉతుకులో ఉంటే రెండోది చేతిలో ఉంటుంది. మన విశాఖ ఉక్కపోతలో, ముసురు రోజుల్లో గుడ్డ సరిగ్గా ఆరక ముక్కిన వాసన వస్తుంది. సగం ఆరింది ఇవ్వకండి, ఇస్త్రీ చేసి పూర్తిగా ఆరబెట్టి ఇవ్వండి.

క్రెష్ వెతుక్కుంటున్నవాళ్లు డబ్బు కట్టేముందు, మధ్యాహ్నం పిల్లలు పడుకునే వేళకి వెళ్లి నిద్రగది చూపించమని అడగండి. ఏడాది లోపు పిల్లల క్రిబ్‌లలో ఏముందో మీ కళ్లతో చూడండి. చూపించం అంటే అక్కడ చేర్పించకండి.