పద్నాలుగు పేజీల రిపోర్టు, అయిదు నిమిషాల మాట

చెన్నై శివార్లలో, ఒరగడం వైపు ఉన్న ఒక ఆటో విడిభాగాల ఫ్యాక్టరీలో నేను సేఫ్టీ విభాగంలో పని చేస్తాను. డ్రిల్లింగ్ లైన్‌లో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన కుర్రాళ్లే. ఇక్కడికొచ్చాక తమిళం మాట్లాడటం వచ్చేసింది కానీ చదవడం మాత్రం తెలుగే. వాళ్లలో ఒకతని చూపుడు వేలు, పార్టును గాలి ఒత్తిడితో బిగించి పట్టే క్లాంపు కింద నలిగి, చివరి ఎముక విరిగింది. విచారణ పూర్తయ్యాక ఇంగ్లిష్‌లో పద్నాలుగు పేజీల రిపోర్టు వచ్చింది. దాన్ని మూడు షిఫ్టుల వాళ్లకూ పని మొదలయ్యే ముందు తెలుగులో చెప్పించే బాధ్యత నాకు అప్పగించారు.

రిపోర్టు రాసినవాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. దెబ్బ తగిలిన మనిషి 48 గంటలు లేదా అంతకు మించి పనికి రాలేకపోతే ఆ సంగతి ప్రభుత్వానికి తెలియజేయాలి. కాబట్టి ఆ కాగితం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ చూస్తారు, కస్టమర్ తరఫు ఆడిటర్ చూస్తారు, ఈఎస్ఐ ఫైల్లోకి కూడా వెళ్తుంది. అంతమంది చూసే కాగితంలో ప్రతి మాటా ఆచితూచి పడుతుంది. ఎవరు ఏం చేశారన్నది వాక్యంలో కనపడదు, జరిగిందన్నది మాత్రమే ఉంటుంది. పైగా మొదటి పేజీలో తేల్చిన విషయం ఒకటి, ఆఖరి అనుబంధంలో ఉన్న వివరం ఇంకొకటి. అలాంటి కాగితాన్ని వాక్యం తర్వాత వాక్యంగా తెలుగులోకి దించితే అది మళ్లీ ఫైలే అవుతుంది. ఆ రాత్రి మెషీన్ ముందు నిలబడే మనిషికి దానితో పని లేదు.

అందుకే ముందు ఒక తెల్ల కాగితం మీద ప్రమాదం జరిగిన ఆ రెండు నిమిషాలను మాత్రమే, అతని వైపు నుంచి వరసగా రాసుకున్నాను. అతను ఏం చూశాడు, ఏమనుకున్నాడు, చెయ్యి ఎక్కడ పెట్టాడు. ఇవన్నీ రిపోర్టులోనే ఉన్నాయి, కాకపోతే చెల్లాచెదురుగా. పక్క మెషీన్ మీదున్న ఇద్దరి వాంగ్మూలాలు తొమ్మిదో పేజీలో, ఫోటోలు ఆ తర్వాత, గాలి లైన్ డ్రాయింగ్ చివర్లో.

రాసుకుంటూ పోతే ఒక చోట ఆగిపోయాను. మొదటి పేజీలో ప్రమాదానికి తక్షణ కారణం అన్‌సేఫ్ యాక్ట్ అని ఉంది. అంటే ఆపరేటర్ గాలి ఒత్తిడి పూర్తిగా పోయిందో లేదో చూసుకోకుండా చెయ్యి పెట్టాడని. వాంగ్మూలాల్లో ఉన్నది వేరు. పార్టు వంకరగా కూర్చుని ఇరుక్కుంటే అతను ఎమర్జెన్సీ కొట్టాడు. మెషీన్ వెనక్కి వెళ్లి గాలి వాల్వు కట్టేశాడు. అక్కడున్న గేజు సున్నా చూపించింది. ఆ తర్వాతే ఇత్తడి రాడ్డు తీసుకుని పార్టును కదిలించాడు. పార్టు ఊడగానే క్లాంపు మిగిలిన దూరం ఒక్కసారిగా దిగింది.

గాలి కట్టేశాక, గేజు సున్నా చూపించాక క్లాంపు ఎలా కదిలింది? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా బ్రీఫింగ్ ఇస్తే లాభం లేదు. వినేవాళ్లలో ప్రతి ఒక్కరూ అతను చేసిందే చేస్తారు, నేనైనా అదే చేసేదాన్ని. డ్రాయింగ్ పట్టుకుని మెయింటెనెన్స్ ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లాను. ఆయన వేలితో చూపించారు. క్లాంపును కిందికి నొక్కేది ఒక గాలి సిలిండర్. దానికి గాలి పంపే, కరెంటుతో పనిచేసే సోలినాయిడ్ వాల్వు 5/3 రకం. ఎమర్జెన్సీ కొట్టి కరెంటు పోగానే స్ప్రింగులు ఆ వాల్వును మధ్యలోకి తెస్తాయి, మధ్యలో ఉన్నప్పుడు దారులన్నీ మూసుకుపోతాయి. కరెంటు పోయినా పట్టుకున్న పార్టు జారిపోకూడదని అలా పెడతారు. అందువల్ల ఎమర్జెన్సీ కొట్టిన క్షణానికి సిలిండర్‌లో ఉన్న గాలి అక్కడే బందీ అయిపోయింది. గేజు వాల్వుకి ఇవతల, గాలి వచ్చే వైపు ఉంది. ఆ వైపు గాలి పోయిందని చెప్పగలదు కానీ సిలిండర్ లోపలి సంగతి దానికి తెలియదు.

"అతను చూడాల్సింది చూశాడమ్మా. చూడాల్సిన చోట చూపించేది ఏదీ మనం పెట్టలేదు" అన్నారు ఫోర్‌మన్. ఆ మాట బ్రీఫింగ్‌లో ఉండి తీరాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

బలం ఎంతో కూడా చెప్పాలనిపించింది. రిపోర్టులో న్యూటన్లలో ఉంది. సిలిండర్ లోపలి వ్యాసం 63 మిల్లీమీటర్లు, గాలి 6 బార్. లెక్క వేస్తే సుమారు 190 కిలోల బరువు. సిమెంటు బస్తాలు మోసిన చేతులు మా లైన్‌లో చాలా ఉన్నాయి కాబట్టి అలాగే చెప్పించాను. మిగతా అంకెలన్నీ వదిలేశాను.

మొదటి ముసాయిదాను లైన్‌లో అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయనకు క్యాంటీన్‌లో చదివి వినిపించాను. రిపోర్టులో సూచించిన దిద్దుబాటు చర్య ఏమిటంటే, సిలిండర్ రెండు చివర్లా గాలి వదిలే కాక్‌లు పెట్టాలి, వాటిని తిప్పి బుస్సుమనే చప్పుడు ఆగేదాకా ఆగాలి. ఆయన అంతా విని, "చప్పుడు ఆగేదాకా అంటున్నావు, మరి చెవుల్లో ప్లగ్గులుంటే ఆ చప్పుడు ఎలా వినబడుతుంది తల్లీ?" అన్నారు. నిజమే. ఆ హాల్లో ప్లగ్గులు తప్పనిసరి, అవి లేకపోయినా పక్క డ్రిల్లు మోతలో గాలి చప్పుడు తెలియదు. ఫోర్‌మన్‌తో మాట్లాడి చెవితో కాకుండా చేతికి తెలిసే గుర్తు పెట్టాం. కాక్‌లు తిప్పాక క్లాంపును రాడ్డుతో పైకి తోసి చూడాలి. గాలి పోయి ఉంటే తేలిగ్గా లేస్తుంది. ఈ మార్పును రిపోర్టులోనూ చేర్చమని సేఫ్టీ మేనేజర్‌కి రాసి, ఆయన సంతకం అయ్యాకే ముందుకెళ్లాను. రిపోర్టులో ఒక పద్ధతి, షిఫ్ట్‌లో ఇంకో పద్ధతి ఉంటే రెండూ పనికిరావు.

షిఫ్ట్ లీడర్ చేతికి ఇచ్చిన మాట చివరికి ఇలా తయారైంది:

"అందరూ దగ్గరికి రండి. డ్రిల్లింగ్ లైన్‌లో మనవాడికి వేలు నలిగిన సంగతి మీకు తెలుసు. అదే క్లాంపు మీ మెషీన్ల మీదా ఉంది, అందుకే చెప్తున్నాను. పార్టు వంకరగా కూర్చుంది. క్లాంపు దిగి దాని మీద ఆగిపోయింది. మనవాడు ఎమర్జెన్సీ కొట్టాడు, వెనక గాలి వాల్వు కట్టేశాడు, గేజు సున్నా చూశాడు. మీరైనా నేనైనా అంతే చేసేవాళ్లం. రాడ్డుతో కదిలిస్తే పార్టు ఊడింది, క్లాంపు కిందికి వచ్చేసింది. గాలి కట్టేస్తే ఎందుకొచ్చింది? ఎమర్జెన్సీ కొట్టగానే సిలిండర్ దారులు మూసుకుపోతాయి. లోపలున్న గాలి లోపలే ఉండిపోతుంది. వెనకున్న గేజుకి అది కనపడదు. ఆ గాలి బలం దాదాపు నాలుగు సిమెంటు బస్తాలు.

"ఇవాళ్టి నుంచి పార్టు ఇరుక్కుంటే ముందు ఎమర్జెన్సీ. తర్వాత గాలి వాల్వు కట్టి మీ తాళం మీరే వేసుకోండి, తాళంచెవి మీ జేబులోనే ఉండాలి. అప్పుడు సిలిండర్ పైనా కిందా ఉన్న పసుపు కాక్‌లు రెండూ తిప్పండి. రాడ్డుతో క్లాంపును పైకి తోయండి. తేలిగ్గా లేస్తేనే పార్టు తీయండి. బిగుసుకుని ఉంటే లోపల గాలి ఇంకా ఉందనుకోండి. చెయ్యి పెట్టొద్దు, మెయింటెనెన్స్‌ని పిలవండి. పసుపు కాక్ లేని మెషీన్ అయితే పార్టు మీరు తీయొద్దు. ఎంత లేటైనా సరే, ఎవరు తొందర పెట్టినా సరే."

దీని మీద పైనుంచి రెండు అభ్యంతరాలు వచ్చాయి. "మీరైనా నేనైనా అంతే చేసేవాళ్లం" అన్న వాక్యం తీసేయమని ఒకరు అడిగారు, అది ఆపరేటర్‌ని వెనకేసుకొచ్చినట్టు ఉందట. తొమ్మిదో పేజీ ముందు పెట్టి, జరిగింది జరిగినట్టే ఉందని చూపించాను. తప్పు అతనిదని చెప్తే వినేవాడు "నేనంత అజాగ్రత్త మనిషిని కాదు" అనుకుని అక్కడితో వినడం ఆపేస్తాడు. రెండో అభ్యంతరం ప్రొడక్షన్ వైపు నుంచి, "ఎవరు తొందర పెట్టినా" అన్న మాట గురించి. దానికి సేఫ్టీ మేనేజర్ గట్టిగా నిలబడ్డారు కాబట్టి అది మిగిలింది. అతని పేరు మాత్రం ఎక్కడా పెట్టలేదు. లైన్‌లో అందరికీ తెలుసు కానీ మైకు ముందు ఎవరి పేరూ రాకూడదు. రిపోర్టులో తేలని విషయం ఒకటుంది, పార్టు వంకరగా ఎందుకు కూర్చుందన్నది. దాని గురించి ఊహించి ఏమీ చెప్పొద్దని లీడర్లకు ముందే చెప్పాను. అడిగితే ఇంకా చూస్తున్నారని చెప్పమన్నాను.

చెప్పడం ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది గంటల షిఫ్టులకు, మెషీన్లు ఆన్ చేయకముందు. కాగితం చూసి చదవొద్దని, ఒకసారి మెషీన్ దగ్గర నిలబడి నాకు చెప్పి చూపించమని ముగ్గురు లీడర్లనూ అడిగాను. చూసి చదివితే గొంతు మారిపోతుంది, వినేవాళ్ల చూపు పక్కకు పోతుంది.

ఇక అర్థమైందో లేదో తెలుసుకోవడం. "అర్థమైందా" అని అడిగితే అందరూ తలూపుతారు, ఆ తలూపును నేను నమ్మను. ఒకరిని ముందుకు పిలిచి, ఆపేసిన మెషీన్‌లో పార్టును వంకరగా పెట్టించి, "ఇరుక్కుంది తమ్ముడూ, ఏం చేస్తావో చెయ్యి" అనమన్నాను. మధ్యాహ్నం షిఫ్ట్‌లో కుర్రాడు ఎమర్జెన్సీ కొట్టి, వాల్వు కట్టి, తాళం వేసి, నేరుగా గేజు దగ్గరికి పోయి "సున్నా ఉందన్నా" అని రాడ్డు అందుకున్నాడు. అయిదు నిమిషాల ముందు విన్నవాడే. ఏళ్ల తరబడి చేసిన అలవాటు ఒక్క మాటతో పోదు కదా. చుట్టూ ఉన్నవాళ్లే "కాక్, కాక్" అని అరిచారు. లీడర్ వాడిని కోప్పడకుండా మళ్లీ మొదటినుంచి చేయించాడు. ఆ రోజే ప్రతి గేజు పక్కనా చిన్న స్టిక్కర్ వేయించాను, "సిలిండర్ లోపల గాలి ఇది చూపించదు" అని.

రిపోర్టు తమిళం మాట్లాడేవాళ్లకూ చేరాలి కదా. దానికి ఇంగ్లిష్ రిపోర్టు పక్కన పెట్టి, ఈ తెలుగు మాటనే తమిళ లీడర్‌కి చెప్పి, ఆయన మాటల్లో చెప్పమన్నాం. ఆయన చెప్పింది విని ఫోర్‌మన్ వరస సరిచూశారు.

రెండు మెషీన్లకు కాక్‌లు ఇంకా రాలేదు. రిపోర్టు చివరి పట్టికలో వాటి గడువు తేదీ ఉంది. ఆ తేదీని కూడా బ్రీఫింగ్‌లో చెప్పించాను, ఆ రెండు మెషీన్ల ముందు బోర్డు మీదా రాయించాను. రాత్రి షిఫ్ట్ వాళ్లు ఇప్పుడు ఆ తేదీ గురించి నన్ను అడుగుతున్నారు, నేను స్టోర్స్‌ని అడుగుతున్నాను.