బాబు తాగిన సిరప్, గడియారం వైపు చూసిన రాత్రి

సాయంత్రం ఐదున్నరకి బల్ల మీద చూసిన పారాసిటమాల్ సీసా ఆరింటికి మా మూడేళ్లవాడి చేతిలో ఉంది, ఖాళీగా. చొక్కా అంతా జిగట. వాడేమో నవ్వుతున్నాడు.

అరవై మిల్లీలీటర్ల సీసా అది, ముందురోజు జ్వరానికి ఒక్క డోసు వాడాం, అంతే. మా ఊరి డాక్టరుగారు లేబుల్ చూసి 'ఇది 120 రకం కాదమ్మా, ఐదు మిల్లీకి 250 మిల్లీగ్రాములు' అన్నారు. మిగిలింది 54 మిల్లీ అనుకుంటే 2700 మిల్లీగ్రాములు, వాడి బరువు 12 కిలోలు, అంటే కిలోకి 225. కొంత ఒలికింది కదండీ అన్నాను, అది లెక్కలోంచి తీసేయకూడదట, మొత్తం తాగాడనే అనుకోవాలట. కిలోకి 200 దాటితే చిన్నపిల్లలకి రక్తపరీక్ష తప్పదని, ఆ పరీక్ష అక్కడ లేదని విజయవాడ పంపించారు.

కారులో వాడు పాటలు పాడుతూనే ఉన్నాడు. నిజం చెప్పాలంటే వెనక్కి వెళ్లిపోదామా అనిపించింది. పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాకే అర్థమైంది, మొదటి రోజు పిల్లలు ఇలాగే హుషారుగా ఉంటారు, లివర్ దెబ్బతింటే ఆ సంగతి ఒకటి రెండు రోజుల తర్వాతే బయటపడుతుంది.

వెళ్లగానే రక్తం తీస్తారనుకున్నా, తీయలేదు. నాలుగు గంటలు నిండకముందు మందు ఇంకా రక్తంలోకి ఎక్కుతూ ఉంటుంది కాబట్టి అప్పుడొచ్చే అంకెని, ఎన్ని గంటలకి రక్తంలో ఎంత మందు దాటితే విరుగుడు ఎక్కించాలో గీత గీసి చూపే గ్రాఫ్ మీద పెట్టలేరు. ఎప్పుడు తాగాడో మాకు కచ్చితంగా తెలీదు, అందుకని ఆరింటికి తాగాడనుకుని పదింటికి రక్తం తీశారు, గ్రాఫ్ మీద మాత్రం ఐదున్నర నుంచి లెక్కేశారు. రెండువైపులా జాగ్రత్త అన్నమాట. ఆ గీత నాలుగు గంటల దగ్గర మిల్లీలీటరుకి 150 మైక్రోగ్రాములు, ఎనిమిది దగ్గర 75. మావాడికి నాలుగున్నర దగ్గర 138 దాటకూడదు, వచ్చింది 162. రిపోర్టు పదకొండుంబావుకే వచ్చింది గానీ, ఆలస్యమైతే ఒంటిగంటన్నర లోపల, అంటే ఎనిమిది గంటలు దాటకుండా, రిపోర్టు లేకుండానే విరుగుడు మొదలుపెట్టేవాళ్లట. ఆ లోపల ఎక్కిస్తే లివర్ దాదాపు ఎప్పుడూ దక్కుతుందట.

పదకొండున్నరకి ఆ విరుగుడు, ఎసిటైల్‌సిస్టీన్, డ్రిప్ పెట్టారు. మొదటి గంటలో 1800 మిల్లీగ్రాములు, తర్వాత నాలుగు గంటల్లో 600, ఆపై పదహారు గంటల్లో 1200. ఇరవై నిమిషాలకే మెడ, బుగ్గలు ఎర్రగా కందిపోయి గోక్కోవడం మొదలుపెట్టాడు. నాకు గుండె ఆగినంత పనైంది. నర్సమ్మ మాత్రం కంగారు పడలేదు, డ్రిప్ ఆపి, దురదకి ఇంజెక్షన్ ఇచ్చి, ఊపిరి చూసి, అరగంటకి నెమ్మదిగా మళ్లీ వదిలింది. మొదటి సీసాలో ఇలా చాలామందికి వస్తుందట, అంత మాత్రాన మందు మానేయరు.

మర్నాడు రాత్రి మూడోది అయిపోయే ముందు మళ్లీ రక్తం తీశారు. పారాసిటమాల్ లేదు, లివర్ దెబ్బతింటే పెరిగే ఎ.ఎల్.టి. మామూలుగానే ఉంది. చేతి సూది తీసి ప్లాస్టర్ వేస్తే, దాని మీద ఏనుగు బొమ్మ లేదని అరగంట ఏడ్చాడు.