లాక్ వేసిన ఆర్టరీ

"ఇది ఎవరికైనా చదవొచ్చు. ఆమె గురించి ఇందులో ఏముంది?" అని షార్జాలో ఒక ఆసుపత్రిలో తోటి ఉద్యోగి ఒకామె అడిగేసరికి నల్లగొండ జిల్లా హాలియా దగ్గరి ఒక అమ్మాయి మొహం చిన్నబోయింది. సర్జరీ పనిముట్లు కడిగి, సర్ది, ఆవిరి మెషిన్‌లో పెట్టే సెక్షన్‌లో ఆమె ట్రైనీ. మూడు నెలలు పని నేర్పిన ఫిలిప్పీన్స్ ట్రైనర్ ఇంటికి తిరిగి వెళ్లిపోతోంది. వీడ్కోలు రోజు నాలుగు మాటలు చదవమని సూపర్‌వైజర్ ఈమెకే చెప్పింది. రాసుకున్న కాగితంలో "మీరు మా అమ్మలాంటివారు, మీ మేలు మరువలేను" అని ఉంది.

ఆ మాటల్లో తప్పేమీ లేదు. మన దగ్గర సార్లకు, మేడమ్‌లకు శాలువా కప్పి, కాళ్లకు మొక్కి, ఇవే మాటలు చెప్తాం. ఎదుటి మనిషి చేసిన పనిని ఎదురుగానే విడమరిచి పొగిడితే ముఖస్తుతి అంటారేమోనని మనకు భయం. అందుకే పెద్ద మాట ఒకటి అనేసి తల వంచుకుంటాం. అది మర్యాదే, మొహమాటం కూడా. అక్కడి పద్ధతి వేరు. నువ్వు ఏం నేర్పావో, దాంతో నా పని ఎట్లా మారిందో చెప్పమంటారు. ఇది ఎక్కువ, అది తక్కువ అని నేను ఒప్పుకోను. కాకపోతే నేర్పిన మనిషికి తన పని ఎక్కడ నిలిచిందో తెలిసేది రెండో పద్ధతిలోనే.

ఆ అమ్మాయికి చెప్పడానికి ఒక సంగతి ఉంది. రక్తనాళాన్ని నొక్కిపట్టే, కత్తెరలాంటి పనిముట్టు ఆర్టరీ ఫోర్సెప్స్; వాడుకలో ఆర్టరీ అంటారు. రెండో వారంలో ఒక ట్రేలో వాటన్నిటికీ పిడి దగ్గరి లాక్ వేసి వరసగా పేర్చింది. చూడటానికి బాగుంది. ట్రైనర్ మూట కట్టకముందే చెయ్యి అడ్డం పెట్టింది. లాక్ పడితే దవడలు రెండూ ఒకదానికొకటి ఆనుకుంటాయి. మెషిన్‌లో ఆవిరి 134 డిగ్రీల్లో ఉన్నా, ఆనుకున్న చోటికి, కీలు లోపలికి పోదు. ఆవిరి తగలని చోట సూక్ష్మజీవి చావదు. "టేప్ మీద గీతలు నల్లబడితే చాలు కదా మేడమ్" అని అమ్మాయి అంది. మూట పైన అంటించే ఆ టేప్, మూట మెషిన్‌లోకి వెళ్లి వేడి చూసిందనే చెప్తుంది. దవడల మధ్య ఏం జరిగిందో దానికి తెలియదు. అందుకే కాగితం సూచిక ఒకటి ట్రే లోపల కూడా పెడతారు. అదీ తను ఉన్న చోటి సంగతే చెప్తుంది, లాక్ వేసిన ఆర్టరీ లోపలి సంగతి కాదు. ఆ పని మనిషి చేత్తో చేయాల్సిందే, లాక్ తీసి, నోరు తెరిచి పెట్టాల్సిందే.

రెండోసారి రాసిన కాగితంలో ఇదే ఉంది. ఇంగ్లీషులో ఆరు చిన్న వాక్యాలు, తెలుగులో చెప్పాలంటే ఇట్లా: "మీ దగ్గర చాలా నేర్చుకున్నాను. ఒక్కటి చెప్తాను. రెండో వారంలో నేను ఆర్టరీలకు లాక్ వేసి పేర్చాను. మీరు ఆపి, ఆవిరి ఎక్కడ పోదో చూపించారు. ఇప్పుడు ట్రే మూసే ముందు ప్రతి లాక్ వేలితో తాకి చూస్తాను. ఆ వేలు మీరు నేర్పిందే."

రాయడం ఒకటి, చదవడం ఇంకొకటి. బిడియం ఉన్నవాళ్లు వాక్యం చివర గొంతు మింగేస్తారు, తొందరగా ముగించాలని పరుగు తీస్తారు. ఆమె వరసకు ఒక్క వాక్యం పెద్ద అక్షరాల్లో రాసుకుంది. ఊపిరి పీల్చేచోట అడ్డగీత పెట్టుకుంది. మొదటి వాక్యం కంఠస్థం చేసింది, ఎందుకంటే భయం అక్కడే ఎక్కువ. పలుచటి కాగితం చేతి వణుకును రెండింతలు చేసి చూపిస్తుంది కాబట్టి గట్టి అట్టకు క్లిప్ పెట్టింది. రాత్రి తొమ్మిదికి అమ్మకు ఫోన్ చేసి చదివి వినిపించింది. మన దగ్గర అప్పటికి పదిన్నర. సాగర్ కాలువ కింద పొద్దంతా నాటేసి వచ్చిన అమ్మ నిద్ర ఆపుకుని విన్నది. "నాకేం సమజ్ కాలే బిడ్డా, కానీ ఆఖర్ల ఉరుకుతున్నవ్. మెల్లగ చదువు" అన్నది.

షిఫ్టు మారే వేళ చిన్న గదిలో పదిమంది, ఒక కేకు, ఇంటి నుంచి వచ్చిన సకినాలు. మూడో వాక్యం దగ్గర గొంతు పట్టేసింది. అడ్డగీత దగ్గర ఆగింది, ఊపిరి తీసుకుంది, మళ్లీ చదివింది. చివరి వాక్యం మెల్లగానే చదివింది. ట్రైనర్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ ట్రేలో ఎన్ని ఆర్టరీలు?" అని అడిగింది.

"ఆరు మేడమ్. ఆరింటికీ లాక్ వేశాను."

ట్రైనర్ ఆ కాగితం అట్టతో సహా తీసుకుని బ్యాగులో పెట్టుకుంది.