సరుకే మనిషి దగ్గరికి వచ్చే మిషన్లు: మా గోదాములో పెట్టుబడి లెక్క వేసిన తీరు

జడ్చర్లకూ షాద్‌నగర్‌కూ మధ్య, 44వ జాతీయ రహదారికి కాస్త లోపలగా ఉన్న మా గోదాములో ట్రాక్టర్లు, బోరు మోటార్లు, బైకుల విడిభాగాలు 6,400 రకాల దాకా ఉంటాయి. షెడ్డు 28,000 చదరపు అడుగులు. రోజుకు సగటున 1,500 లైన్లు, అంటే బిల్లుల మీద అన్ని వరుసల సరుకు, బయటికి వెళ్తుంది. ఏరడానికి ఆరుగురు, వచ్చిన సరుకు సర్దడానికి ఇద్దరు, బిల్లుతో సరిచూడడానికి ఇద్దరు పని చేసేవారు. మూడేళ్ల కిందట మా సేటు ఒక కంపెనీ ఇచ్చిన కొటేషన్ నా బల్ల మీద పెట్టి, "ఇది నిజమేనా, చూసి చెప్పు" అన్నారు. రెండు వర్టికల్ లిఫ్ట్ మిషన్లకు 90 లక్షలు, ఆ పెట్టుబడి 2 సంవత్సరాల 9 నెలల్లో తిరిగి వస్తుందని అందులో ఉంది. 18 శాతం జీఎస్టీ మాకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా సర్దుబాటు అవుతుంది కనుక దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఈ మిషన్ ఒక ఎత్తైన ఇనుప అల్మారా లాంటిది. లోపల ముందూ వెనుకా రెండు వరుసల్లో ట్రేలు పేర్చి ఉంటాయి. మధ్యలో పైకీ కిందికీ తిరిగే లిఫ్టు అడిగిన ట్రేను తెచ్చి కిటికీ దగ్గర మనిషి నడుము ఎత్తున నిలుపుతుంది. మా షెడ్డు ఎత్తు 9 మీటర్లు, మా రాక్‌లు నిలిచింది రెండు మీటర్ల దాకానే. పైనున్న ఖాళీ గాలికి కూడా మేము అద్దె కడుతున్నామన్నది అప్పుడే నాకు మొదటిసారి తట్టింది.

కొటేషన్ లెక్కలో ఏడుగురు మనుషులు తగ్గుతారని, ఒక్కొక్కరికి నెలకు 25,000 చొప్పున ఏడాదికి 21 లక్షలు మిగులుతుందని రాశారు. ఖాళీ అయ్యే 5,000 చదరపు అడుగులకు అడుగు 20 రూపాయల చొప్పున ఏడాదికి మరో 12 లక్షలు కలిపారు. నేను ముందుగా మనుషుల లెక్క పట్టుకున్నాను. పీఎఫ్, ఈఎస్ఐ, బోనస్ అన్నీ కలిపినా మాకు ఒక మనిషికి అయ్యే ఖర్చు 19,000 దాటదు. ఇక ఏడుగురు ఎలా తగ్గుతారో తెలియాలంటే, ఇప్పుడు వాళ్ల సమయం ఎటు పోతోందో తెలియాలి.

నాలుగు రోజులు స్టాప్‌వాచ్ పట్టుకుని ఏరేవాళ్ల వెనకే తిరిగాను. గంటకు ఒక్కొక్కరు ఏరుతున్నది 38 లైన్లు. సగానికి పైగా సమయం నడకకే పోతోంది. రోజూ అరవై సార్లు అడిగే ఆయిల్ ఫిల్టర్లు గోదాము చివరి వరుసలో, ఏడాదికి రెండుసార్లు అడిగే పాత మోడల్ గేర్లు ప్యాకింగ్ బల్ల పక్కన ఉన్నాయి. ఎవరూ కావాలని పెట్టలేదు, వచ్చిన లోడును ఖాళీ ఉన్న చోట దింపుకుంటూ పోతే అలా తయారైంది. రెండు ఆదివారాలు అందరం కూర్చుని, ఎక్కువ కదిలే సరుకంతా ముందు వరుసల్లోకి మార్చాం. కూలీ, టిఫిన్ ఖర్చు తప్ప ఏమీ కాలేదు, లైన్లు గంటకు 38 నుంచి 50కి పెరిగాయి, ఆరుగురి పని ఐదుగురితో సరిపోయింది. మిషన్ వల్ల వచ్చే ఆదాను ఇకమీదట ఈ ఐదుగురితో పోల్చాలి కానీ పాత ఆరుగురితో కాదు. కొటేషన్‌లో రాసిన ఆదాలో కొంత నిజానికి మా నిర్లక్ష్యానికి పెట్టిన ధరే.

తర్వాత ఏ సరుకు ట్రేలో పడుతుందో కొలిచాం. బేరింగులు, ఆయిల్ సీళ్లు, గాస్కెట్లు, ఫిల్టర్లు వంటి 4,900 రకాలు పడతాయి, సైలెన్సర్లు, పంపు బాడీలు, టైర్లు పడవు. రకాల్లో చూస్తే మూడొంతులకు పైగా మిషన్‌లోకి వెళ్తున్నట్టే కనిపిస్తుంది, కానీ లైన్లలో చూస్తే 1,500కు 900 మాత్రమే. మిగిలిన 600 లైన్లకు ఇద్దరు నడవాల్సిందే.

గంటకు 180 లైన్లు వస్తాయని కొటేషన్‌లో ఉంది. అవే మిషన్లు నడుస్తున్న ఒక గోదాముకు మా సీనియర్ పికర్‌ను వెంట తీసుకుని వెళ్లి కిటికీ పక్కన ఒక పూట నిలబడితే మేము లెక్కపెట్టింది 95. కారణం అతనే ముందు పసిగట్టాడు: "సార్, ఆయిల్ సీళ్లన్నీ ఒక్క మిషన్‌ల్నే పెట్టిన్రు, రెండోది ఊకెనే నిలవడ్డది." ఒక ట్రే లోపలికి పోయి మరొకటి రావడానికి 50 సెకన్ల దాకా పడుతుంది. ఆ సమయంలో మనిషి పక్క మిషన్‌లో ఏరుతూ ఉంటేనే రెండు మిషన్లు పెట్టినందుకు ఫలితం ఉంటుంది. ఎక్కువ కదిలే సరుకును రెండింటిలో సమానంగా పంచి, ఇరవై బిల్లులు ఒకేసారి కలిపి ఏరితే, ఒక్కసారి వచ్చిన ట్రే నుంచే రెండు మూడు లైన్లు తీయవచ్చు. అలా మాకు 130 వస్తుందని వేసుకున్నాం. 900 లైన్లకు దాదాపు 7 గంటలు, సరుకు నింపడానికి మరో గంట. నింపడానికి కూడా అదే కిటికీ, అదే లిఫ్టు వాడాలి. ఈ గంట కొటేషన్‌లో ఎక్కడా లేదు.

మొత్తం మీద తగ్గేది ముగ్గురే అని తేలింది: ఏరేవాళ్లలో ఒకరు, సర్దేవాళ్లలో ఒకరు, తనిఖీలో ఒకరు. అది ఏడాదికి దాదాపు 7 లక్షలు. తప్పు సరుకు వెళ్లి తిరిగి రావడం తగ్గినందుకు 2 లక్షలు కలిపి, వార్షిక నిర్వహణ ఒప్పందం, కరెంటు కింద 5 లక్షలు తీసేస్తే మిగిలేది 4 లక్షలు. నేల గట్టిపరచడం, ప్లాస్టిక్ డబ్బాలు, మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో కలపడం కొటేషన్‌లో లేవు. వాటితో పెట్టుబడి కోటి అయింది. 4 లక్షల చొప్పున కోటి రావాలంటే 25 ఏళ్లు పడుతుంది. మన దగ్గరి జీతాలతో, ఈ స్థాయి గోదాములో, కేవలం మనుషుల ఆదా మీద ఇలాంటి మిషన్ గిట్టుబాటు కాదన్నది నాకు అక్కడే స్పష్టమైంది.

మిగిలింది స్థలం. రాక్‌లు తీసేసినంత మాత్రాన మా ఓనరు అద్దె ఒక్క రూపాయి తగ్గించడు కనుక కొటేషన్‌లోని 12 లక్షలు అలాగే ఒప్పుకోవడానికి లేదు. అయితే అదే సమయంలో పక్క ఊళ్లో 5,000 చదరపు అడుగుల రెండో షెడ్డు తీసుకునే ఆలోచన నడుస్తోంది. దాని అద్దె 12 లక్షలు, కాపలా, ఒక మనిషి, రెండు షెడ్ల మధ్య తిరిగే ఆటో ట్రాలీ కలిపి మరో 8 లక్షలు. ఆ 20 లక్షలు తప్పితే ఏడాదికి మిగిలేది 24 లక్షలు, పెట్టుబడి 4 సంవత్సరాల 2 నెలల్లో వస్తుంది; బ్యాంకు అప్పుకు 10 శాతం వడ్డీ కలిపితే ఐదున్నరేళ్లు దాటుతుంది.

అంటే నిర్ణయమంతా రెండో షెడ్డు నిజంగా అవసరమా అన్న ఒక్క ప్రశ్న మీదికి వచ్చి ఆగింది. రెండేళ్లుగా ఒక్కసారి కూడా కదలని సరుకు జాబితా తీస్తే 900 రకాలు వచ్చాయి. కొన్ని కంపెనీలకు తిప్పి పంపాం, కొన్ని తుక్కు కింద అమ్మాం. సేటుకు అది మింగుడు పడలేదు, కానీ షెడ్డు అవసరం దాదాపు ఏడాది వెనక్కి పోయింది, దానితోపాటు మిషన్ ఆర్డరూ ఆపాం. మరుసటి ఏడాది కొత్త పంపుసెట్ల ఏజెన్సీ రావడంతో చోటు మళ్లీ చాలలేదు. అప్పుడే ఆర్డరు ఇచ్చాం.

మిషన్లు నడుస్తున్నది ఇప్పటికి 14 నెలలు. మొదటి మూడు నెలలు గంటకు 80 దాటలేదు, ఇప్పుడు 120 దగ్గర నిలిచింది. తగ్గింది ముగ్గురు కాదు, ఇద్దరే. బోర్ల సీజన్‌లో లైన్లు 2,000 దాటిన రోజుల్లో లిఫ్టు వేగం పెంచలేం కనుక, బాగా కదిలే యాభై రకాలను ప్యాకింగ్ బల్ల పక్కన మామూలు రాక్‌లో కూడా ఉంచి, తగ్గకుండా మిగిలిన ఆ మూడో మనిషిని దానికి కేటాయించాం. ఆ మార్పుతో మా కాగితం మీది 4 సంవత్సరాల 2 నెలలు ఇప్పుడు 4 సంవత్సరాల 7 నెలలైంది.