ఒత్తు జుట్టుకి కింద ముడి: నేను వేసిన తీరు

కూర్చున్న అమ్మాయిది వీపు సగం దాకా వచ్చే ఒత్తు జుట్టు. లేయర్లు కత్తిరించుకుంది, అన్నిటికన్నా పొట్టి పాయ గడ్డం దాకే. పొద్దున్నే తలస్నానం చేసి విరబోసుకుని వచ్చింది. జాకెట్టు వెనక మెడ బాగా లోతు. కావలసింది మల్లెపూలతో కింద ముడి, రాత్రి భోజనాల దాకా చెదరకూడదు.

అప్పుడే కడిగిన జుట్టు పిన్నులో నిలవదు, పట్టులా జారిపోతుంది. ముందురోజు తలంటుకుంటే నాకు సగం పని తగ్గేది. కుదుళ్ల దగ్గర మాత్రం హెయిర్ స్ప్రే కొట్టి, ఆరనిచ్చి, వేళ్లతో విదిలించాను. అప్పుడు కాస్త గరుకుదనం వచ్చి పట్టు దొరికింది. నూనె రాసి అణచాలని వాళ్లమ్మ అన్నది గానీ, నూనె రాస్తే జారుడు ఇంకా ఎక్కువవుతుంది, ఫొటోల్లో తల తడిసినట్టు కనిపిస్తుంది.

నడినెత్తిన ఎత్తు కోసం రెండు వేళ్ల మందాన మూడు పాయలు తీశాను. ఒక్కో పాయను నిలువుగా పట్టుకుని, కుదురు వైపుకి సన్నదువ్వెనతో మూడు నాలుగు సార్లు వెనక్కి దువ్వాను. నాలుగో పాయను దువ్వకుండా వీటి మీద కప్పాను. ఆ కప్పే పాయ మరీ పల్చగా ఉంటే లోపలి చిక్కు బయటికి కనబడుతుంది, అందుకే దాన్ని కొంచెం మందంగానే వదిలాను.

ఎక్కువ మంది తప్పేది రబ్బరు వేసేటప్పుడు. తల వంచి కట్టించుకుంటారు. వంచినప్పుడు మెడ వెనక చర్మం సాగి జుట్టు బిగువుగానే ఉన్నట్టుంటుంది, తల ఎత్తగానే అక్కడ సంచిలా వదులు దిగుతుంది. ఆ వదులును తర్వాత ఎన్ని పిన్నులు పెట్టినా అణచలేం. అందుకని గడ్డం పైకెత్తమని, మెడ వెనక జుట్టును కింది నుంచి పైకి దువ్వి, జుట్టు మొదలయ్యే గీతకు రెండు వేళ్లు పైన కట్టాను. సరిగ్గా గీత మీదే కడితే తల ఎత్తినప్పుడల్లా ముడి మెడకు తగిలి పైకి తోసుకొస్తుంది. కట్టాక తల వంచమన్నాను. చర్మం లాగుతోందంటే రబ్బరు బిగువు ఎక్కువైనట్టు, గంటలో తలనొప్పి ఖాయం. నోట్ల కట్టలకు వేసే రబ్బరు మాత్రం వద్దు, తీసేటప్పుడు వెంట్రుకల్ని తెంపుకుని వస్తుంది. గుడ్డ చుట్టిన ఎలాస్టిక్కే నయం.

ఇంత ఒత్తు జుట్టును ఒకే తాడుగా మెలిపెట్టి చుడితే ముడి బయటికి పొడుచుకొచ్చి బరువుకి వేలాడుతుంది. అందుకే రబ్బరుతో కట్టిన పోనీటెయిల్‌ను రెండు భాగాలు చేశాను. మొదటి దాన్ని మెలిపెట్టి రబ్బరు చుట్టూ ఆనించి చుట్టి నాలుగు వైపులా పిన్నులు పెట్టాను. రెండో దాన్ని దాని వెలుపల ఎదురు దిశలో చుట్టాను. పల్చని జుట్టయితే ఇదంతా తిరగేయాలి: మూడుపాయల జడ అల్లి, అంచులు కొద్దికొద్దిగా లాగి వెడల్పు చేసి చుట్టాలి, లేదా లోపల డోనట్ అనే గుండ్రటి స్పాంజి చుట్ట పెట్టాలి.

యూ పిన్నును నేరుగా గుచ్చితే నిలవదు. ముడి అంచు వెంట్రుకల్ని కొద్దిగా, తల మీది వెంట్రుకల్ని కొద్దిగా పట్టించి, పిన్నును వెనక్కి తిప్పి ముడి మధ్యలోకి తోయాలి. పిన్ను పొడుస్తోందని ఆమె ఒకచోట అన్నది. అలా పొడిస్తే ఓర్చుకోమనకూడదు, దారి తప్పిందని అర్థం. తీసి మళ్లీ పెట్టాను.

ఇక మిగిలింది మెడ వెనక పొట్టి వెంట్రుకలు. లోతు మెడ జాకెట్టు కాబట్టి అందరి చూపూ అక్కడే. కాస్త పొడుగున్నవాటిని పైకి దువ్వి, రెండు చిన్న పిన్నులు గుణకారం గుర్తులా అడ్డంగా పెట్టాను. ఒంపులున్న వైపు తలకు ఆనాలి, చాలామంది తిప్పి పెడతారు. మరీ పొట్టి నూగుకు పిన్ను అందదు. పాత టూత్‌బ్రష్ మీద స్ప్రే కొట్టి, అవి పెరిగే దిక్కుకే మెల్లగా అణచాను. ఎదురు దువ్వితే లేచి నిలబడతాయి. చెవుల ముందు గడ్డం దాకా వచ్చే పాయల్ని ముడిలోకి లాగితే పావుగంటలో ఊడొస్తాయి కనుక, ఇటొకటి అటొకటి ముంగురులుగా వదిలేశాను.

పూలు చివరన. దండను పిన్నుతో ముడికి పట్టించేటప్పుడు దారాన్నే పట్టించాలి. పువ్వును గుచ్చితే నల్లబడుతుంది. తడి దండ బరువు, అందుకే నీళ్లు బాగా విదిలించి, ముడి కింది సగానికే రెండు వరసలు పెట్టాను. లేచి, పెద్దవాళ్ల కాళ్లకు దండం పెట్టినట్టు పూర్తిగా వంగమన్నాను. ముడి కదల్లేదు. మొత్తం పద్నాలుగు పిన్నులు పెట్టాను. ఆ లెక్క వాళ్లమ్మకు చెప్పి పంపాను, రాత్రి విప్పేటప్పుడు ఒక్కటి తగ్గినా పడుకునేలోపే వెతకమని.