డెస్క్‌టాప్‌కు వైఫై: సిగ్నల్ 72 శాతం ఉన్నా నెట్ ఎందుకు పోతోంది?

కారణం దొరికింది! రౌటర్ కాదు, డ్రైవర్ కాదు, గోడలూ కాదు. అడాప్టర్ పక్క పోర్టులో ఉన్న బ్యాకప్ హార్డ్ డిస్క్. ఇన్నాళ్లు దీని వెంట పడ్డాక ఈ రాత్రి హాయిగా నిద్ర పడుతుంది.

మెషీన్ పాతదే, ఇప్పటిదాకా నెట్ లేకుండా నడిచింది. కడప ఎర్రముక్కపల్లిలో మా ఇల్లు, హాల్లో రౌటర్, ఒక గోడ అవతల గదిలో కంప్యూటర్. సీపీయూ గోడ గూట్లో కడప బండల అరల మధ్య ఉంటుంది. దానికి ఒక చిన్న నానో అడాప్టర్ కొన్నాను, 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే, డబ్బా మీద 150 ఎంబీపీఎస్ అని ఉంది. నెట్ లేని మెషీన్‌కు డ్రైవర్ కావాలి కాబట్టి ఫోన్‌ను యూఎస్‌బీ టెదరింగ్‌లో పెట్టి దించుకున్నాను. వెనక పోర్టులో గుచ్చగానే పేరు కనబడింది, పాస్‌వర్డ్ కొట్టాను, కలిసింది. అక్కడి వరకు అంతా సాఫీగానే జరిగింది.

ఆ తర్వాతే మొదలైంది. వీడియో నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. కాసేపటికి తనంతట తనే వస్తుంది, మళ్లీ పోతుంది. మా అక్క కొడుకు ఆన్‌లైన్ క్లాసు పెట్టుకుని, "మామా, గీతలు బాగానే ఉండాయి గదా, మళ్లీ ఎందుకు పోతాంది?" అన్నాడు. సరిగ్గా అదే ప్రశ్న నన్ను పట్టుకుంది. సిగ్నల్ లేకపోతే దూరం అనుకోవచ్చు. సిగ్నల్ ఉండి పోతే ఏమనుకోవాలి?

కొలతలు తీయడానికి ఈ రెండే వాడాను:

```
ping -n 200 192.168.1.1
netsh wlan show interfaces
```

పింగ్ బయటి సైటుకు కాకుండా రౌటర్‌కే కొట్టాలి. అప్పుడు ఫైబర్ వైపు తప్పు ఈ లెక్కలోకి రాదు. మొదటి ఫలితం: 200 పంపితే 37 పోయాయి, సగటు 140 మిల్లీసెకన్లు. గోడ అవతలి రౌటర్‌కు రెండు మూడు మిల్లీసెకన్లు చాలు. రెండో కమాండ్‌లో Signal 72% ఉంది. Transmit rate 65 దగ్గర బాగానే నిలబడింది. Receive rate మాత్రం 14.4కు, ఒక్కోసారి 7.2కు పడిపోయింది. ఈ తేడాను అప్పుడే గుర్తుపెట్టుకున్నాను. మనం పంపింది రౌటర్‌కు బాగా చేరుతోంది, రౌటర్ పంపింది మన అడాప్టర్ అందుకోలేకపోతోంది. అంటే తేడా మన వైపే ఉంది. సీపీయూ మీద ఫోన్ పెట్టి చూస్తే దానికి ఒక్క పింగ్ కూడా పోలేదు.

మొదటి అనుమానం పవర్ సేవింగ్ మీద. డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ పవర్ మేనేజ్‌మెంట్ టిక్కు తీశాను, పవర్ ప్లాన్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపాను. మార్పు లేదు. డ్రైవర్ పాత వెర్షన్‌కు వెళ్లాను, లేదు. తర్వాత పక్కింటి రౌటర్లు అడ్డొస్తున్నాయేమోనని ఛానల్ 6 నుంచి 1కి, అక్కడి నుంచి 11కి మార్చాను. మూడింటిలోనూ పోయిన పింగ్‌లు 30కి అటూ ఇటూగానే ఉన్నాయి. పక్కింటి రౌటర్ వల్ల అయితే ఏదో ఒక ఛానల్‌లో తేడా తెలియాలి. మూడింటా ఒకేలా ఉందంటే ఇది ఒక ఛానల్ గొడవ కాదు, 2.4 బ్యాండు మొత్తాన్ని కమ్మేసేది ఏదో అతి దగ్గర్లో ఉంది.

బ్యాకప్ అయిపోయి డిస్క్ పీకేసిన పూట క్లాసు ఆగకుండా నడిచింది. వెంటనే పింగ్ కొట్టాను: 200కి 200, సగటు 3 మిల్లీసెకన్లు. డిస్క్ గుచ్చాను, 34 పోయాయి. పీకాను, ఒక్కటీ పోలేదు. అదే డిస్క్‌ను నల్లటి యూఎస్‌బీ 2.0 పోర్టుకు మార్చి ఫైళ్లు కాపీ పెట్టాను. కాపీ నెమ్మదించింది గానీ పింగ్ ఒక్కటీ పోలేదు. నీలం యూఎస్‌బీ 3.0 పోర్టులోకి మార్చగానే మళ్లీ అదే తంతు. కాపీ ఆగి ఉన్నప్పుడు కూడా కొన్ని పోయాయి, ఎందుకంటే యూఎస్‌బీ 3.0 లింకు నిద్రలోకి వెళ్లేదాకా ఫైళ్లు లేకపోయినా సంకేతాలు పంపుతూనే ఉంటుంది.

దీని మీద ఇంటెల్ 2012లోనే ఒక పత్రం రాసింది. యూఎస్‌బీ 3.0 డేటా సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో నడుస్తుంది. ఆ వేగంలో పుట్టే రేడియో నాయిస్ విశాలంగా పరుచుకుని 2.4 గిగాహెర్ట్జ్ మీద కూడా పడుతుంది. పోర్టు దగ్గర నుంచి, కేబుల్ నుంచి, డిస్క్ డబ్బా నుంచి అది బయటికి కారుతుంది. ఆ కొలతల్లో డిస్క్ దగ్గర నాయిస్ 20 డెసిబెల్స్ దాకా పెరిగింది.

మన కేసుకు లెక్క వేద్దాం. విండోస్ చూపే శాతంలో 100 అంటే మైనస్ 50 డీబీఎం, 0 అంటే మైనస్ 100. కాబట్టి 72 శాతం అంటే మైనస్ 64. మామూలుగా నాయిస్ మైనస్ 95 దగ్గర ఉంటుందనుకుంటే మధ్యలో 31 డెసిబెల్స్ తేడా ఉంది, పై వేగాలకు అది చాలు. నాయిస్ 20 పెరిగితే మిగిలేది 11. అంతలో కింది వేగాలే నిలుస్తాయి, Receive rate 7, 14 దగ్గర కొట్టుకోవడం దానికి సరిపోతుంది. శాతం మాత్రం 72 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే అది రౌటర్ గొంతు ఎంత గట్టిగా వినిపిస్తోందో చెబుతుంది గానీ చుట్టూ ఎంత రొద ఉందో చెప్పదు. గీతలు చూసి వైఫై బాగుందనుకోవడాన్ని నేనిక నమ్మను.

మందు చిన్నదే. ఏడు రోడ్ల దగ్గర ఒకటిన్నర మీటరు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని, నల్ల పోర్టు నుంచి అడాప్టర్‌ను గూడు పై బండ మీదికి తెచ్చాను. సీపీయూ వెనక ఇనుప రేకు చాటు కూడా తప్పింది. సిగ్నల్ 90, డిస్క్ నీలం పోర్టులో కాపీ చేస్తుండగానే 200లో 1 మాత్రమే పోయింది, Receive rate 65. మరీ సన్నటి కేబుల్ మాత్రం వద్దు. అడాప్టర్ పంపేటప్పుడు కరెంటు లాగుతుంది, పొడవు పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. దుకాణంలో నానోలే మంచివంటారు, ముచ్చటగా ఉంటాయని. డెస్క్‌టాప్ వెనక గుచ్చడానికి వాటికన్నా చెడ్డ ఆకారం లేదని నా అభిప్రాయం. చిన్న యాంటెన్నా నేరుగా పోర్టు మూతి దగ్గరే ఉంటుంది. తీగతో వచ్చే బేస్ ఉన్నవే మేలు.

తర్వాతి పని డ్యూయల్ బ్యాండ్ అడాప్టర్. ఈ నాయిస్ 5 గిగాహెర్ట్జ్ వైపు బాగా తగ్గిపోతుంది, కానీ 5 గోడ దాటేసరికి బలహీనపడుతుంది కాబట్టి ముందు ఫోన్‌తో ఆ గదిలో 5 సిగ్నల్ ఎంత వస్తుందో చూస్తాను. మీడియాటెక్ ఎంటీ7612యూ చిప్ ఉన్నది దొరికితే అదే తీసుకుంటాను. దాని డ్రైవర్ లినక్స్ కెర్నల్‌లోనే ఉంది, రేపు ఈ మెషీన్‌కు లినక్స్ వేసినా గొడవ ఉండదు. అది యూఎస్‌బీ 3.0 చిప్ కాబట్టి నీలం పోర్టులో పెడితే తన నాయిస్ తనకే తగలొచ్చు, అందుకే రెండు పోర్టుల్లోనూ పెట్టి పింగ్ కొడతాను. ఈలోగా డిస్క్‌కు మందపాటి షీల్డింగ్ ఉన్న కేబుల్ వేసి, అడాప్టర్‌ను మళ్లీ వెనక పోర్టులోనే పెట్టి చూడాలి. నాయిస్ ఎక్కువగా కారేది కేబుల్ నుంచా, డిస్క్ డబ్బా నుంచా అన్నది ఆ కొలతలో తేలుతుంది.