వదిన ఫొటోకి చున్నీ: మడతలు అయ్యాయి, ఇక నీడలు

మారతహళ్లిలో మా ఇంటి కిటికీ పక్కన వదినకి తీసిన ఫొటోలో నీలం కుర్తా ఉంది కానీ చున్నీ లేదు. పసుపు రంగు మంగళగిరి చున్నీని, ఫొటోలు దిద్దే జింప్ సాఫ్ట్‌వేర్‌లో ఆ భుజాల మీద వేయడమే ఇప్పటి పని.

చున్నీని మంచం మీద పరిచి తీసిన ఫొటో దీనికి పనికిరాదు. భుజం ఆనితేనే మడత పుడుతుంది. అందుకే తమ్ముడి భుజాల మీద వేసి, అదే కిటికీ దగ్గర, కెమెరా అదే ఎత్తులో పెట్టి తీశాను. వెలుగు ఎడమవైపు నుంచి పడాలి. ఇది తేడా వస్తే తర్వాత ఎంత దిద్దినా కుదరదు.

ఆ ఫొటోలోంచి కత్తిరించిన చున్నీని, బొమ్మని వంచి సాగదీసే Warp Transformతో వదిన భుజాల వాలుకి సర్దాను. చూడగానే వదిన, "పిన్ను పెట్టిన చోటి నుంచి కదా మడతలు దిగాలి, ఇవెక్కడి నుంచో వస్తున్నాయేంటి?" అంది. నిజమే. పిన్ను దగ్గర మడతలన్నీ ఇరుగ్గా మొదలై, కిందికి వచ్చేకొద్దీ విడిపోవాలి. మెడ కింద రెండు భుజాల మధ్య వేలాడే భాగంలో మాత్రం వంపులు తిరగాలి. మంగళగిరి నూలు కాస్త బిరుసు కాబట్టి మడతలు తక్కువగా, వాటి అంచులు స్పష్టంగా ఉంటాయి. షిఫాన్‌లా సన్నగా, జారుగా చేస్తే బట్టే మారిపోతుంది. జరీ అంచు కూడా తిన్నగా పోకూడదు, ప్రతి మడత దగ్గరా కాస్త లోపలికి దాక్కుని మళ్లీ బయటపడాలి.

ఇక నీడ. చున్నీ చుట్టూ ఒకే మందంలో నీడ వేస్తే అట్టముక్క అతికించినట్టు ఉంటుంది. అందుకే చున్నీ కింద రెండు లేయర్లు పెట్టి, రెండిటికీ కింది రంగుని ముదురు చేసే Multiply మోడ్ ఇచ్చాను. మొదటిది బట్ట ఒంటికి ఆనే గీత వెంబడే, చాలా సన్నగా, ముదురుగా ఉంటుంది. మూడు వేల పిక్సెళ్ల వెడల్పున్న ఈ ఫొటోకి 3 పిక్సెళ్ల బ్లర్ సరిపోయింది. రెండోది వెలుగుకి ఎదురు దిక్కున, అంటే కుడివైపుకి కొంచెం జరిగి, 30 పిక్సెళ్ల బ్లర్‌తో పలచగా పడుతుంది. భుజం మీద మొదటిదే ముఖ్యం. ఛాతీ దగ్గర బట్ట ఒంటికి దూరంగా వేలాడుతోంది కాబట్టి అక్కడ మొదటి నీడని చెరిపేసి రెండోదే ఉంచాను.

రంగు నలుపు కాదు. మెడ మీద ఎర్రటి గోధుమ, కుర్తా మీద ముదురు నీలం. గడ్డం కిందికి చున్నీ పసుపు ఛాయ కొద్దిగా అద్దాను, వెలుగులో బట్ట రంగు చర్మం మీదికి వస్తుంది కదా.

ఫొటోని అద్దంలోలా తిప్పి, బొటనవేలంత చేసి చూశాను. ఎడమ భుజం కుదిరింది. కుడి భుజం మీద చున్నీ ఇంకా తేలుతోంది, పిన్ను పక్కన ఆనే నీడ తెగిపోవడమే కారణం. అది కలిపాక, చున్నీ మీదికి వచ్చే జుట్టు పాయల్ని మాస్క్‌తో బయటికి తీయాలి. వాటి సన్నటి నీడ కూడా బట్ట మీద పడాలి.